టీమ్ మొత్తాన్ని మెచ్చుకుంటూ కంపెనీ అంతటికీ మెయిల్ రాయాలి, ఎవరి పని ఎవరికి దక్కేలా ఎలా రాయాలి?

వానచినుకు
మా టీమ్‌లో నేను కాక తొమ్మిది మంది. ఏడు నెలలు పనిచేసి బిల్లింగ్‌ని పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చాం. శుక్రవారం రాత్రి 9 గంటలకు పాతది ఆపాం. 36 గంటలు పడుతుందనుకున్నది 29 గంటల్లో అయిపోయింది. ఇప్పుడు మా డైరెక్టర్ కంపెనీ అంతటికీ ఒక మెయిల్ రాయమన్నారు, 1,400 మందికి వెళ్తుంది. నేను ఈ టీమ్‌కి మేనేజర్‌ని అయి ఏడాదే. ఇంతకుముందు ఇలాంటి మెయిల్ వెళ్ళినప్పుడు ఇద్దరి పేర్లే వచ్చాయి, మూడో మనిషి నెల రోజులు ముభావంగా ఉంది. ఆ మూడో మనిషిని నేనే. అందుకే టెన్షన్‌గా ఉంది.

నా డ్రాఫ్ట్ ఇది, పేర్లకు బదులు అక్షరాలు పెట్టాను.

"మన బిల్లింగ్ టీమ్ అహోరాత్రాలు శ్రమించి కొత్త సిస్టమ్‌కి విజయవంతంగా మారింది. ఈ ఘనత వెనుక ఉన్న క, చ లకు ప్రత్యేక ధన్యవాదాలు. క అసాధారణ ప్రతిభతో మొత్తం డిజైన్ చేశాడు. చ అతనికి అన్ని విధాలా తోడ్పడింది. ట ఎప్పుడూ చిరునవ్వుతో, ఓపిగ్గా డేటా పనిలో సహాయం చేసింది. మిగతా సభ్యులందరికీ కూడా కృతజ్ఞతలు."

చదివితే ఏదో తేడాగా ఉంది, ఎక్కడో తెలియడం లేదు. పేర్లు పెట్టాలా, తీసేయాలా?

గాలిపటం
తీసేయండి. పేరు పెడితే ఎవరో ఒకరు అలుగుతారు. "బిల్లింగ్ టీమ్‌కి అభినందనలు" అంటే గొడవే ఉండదు.

నిశ్శబ్దం_9
గాలిపటం గారూ, అలా చేసిన మెయిల్ ఒకటి మా దగ్గర వచ్చింది. పేరన్నదే లేదు, అంతా "మా టీమ్". కానీ కింద సంతకం మేనేజర్‌ది. నెల తిరిగేసరికి పక్క విభాగాల వాళ్ళందరూ "ఆయన చేసిన ప్రాజెక్ట్" అనడం మొదలుపెట్టారు. మెయిల్‌లో కనిపించే పేరు ఒక్కటే ఉంటే, పని ఆ పేరుకే అతుక్కుంటుంది. పేర్లు తీసేసినంత మాత్రాన అందరికీ సమానంగా దక్కదు.

లెక్కలమాస్టర్
సులువైన దారి ఉంది. తొమ్మిది పేర్లూ అక్షర క్రమంలో, తలా ఒక వాక్యం, అన్నీ ఒకే పొడుగు. ఎవరూ ఏమీ అనలేరు.

తెరవెనుక
ఇలాంటి మెయిల్స్ రాయడం, ఇతరులు రాసినవి దిద్దడం నా ఉద్యోగం. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. వానచినుకు గారూ, తేడా ఎక్కడుందో చెబుతాను, మీ డ్రాఫ్ట్‌లో క్రియలు మాత్రమే విడదీసి చూడండి.

క "డిజైన్ చేశాడు". చ "తోడ్పడింది". ట "సహాయం చేసింది". ఈ మూడిట్లో పని కనిపించేది మొదటి దానిలోనే. మిగతా ఇద్దరూ ఏం చేశారో 1,400 మందిలో ఒక్కరికీ తెలియదు, వాళ్ళు మరొకరి పక్కన నిలబడ్డారని మాత్రం తెలుస్తుంది. చ ఏం చేసింది? రాసిందా, పరీక్షించిందా, రాత్రి 2 గంటలకు ఫోన్ ఎత్తిందా? అది రాయండి. "తోడ్పడింది" అనే మాట మీ వేళ్ళకు వచ్చిన ప్రతిసారీ, ఆ మనిషి చేసిన పనిని మీరింకా అడిగి తెలుసుకోలేదని గుర్తు.

రెండోది. క కి వచ్చినవి తెలివిని చెప్పే మాటలు, ట కి వచ్చినవి స్వభావాన్ని చెప్పే మాటలు. "చిరునవ్వు, ఓపిక" మంచి గుణాలే, కానీ రేపు ఎవరైనా ఒక కష్టమైన డేటా పనికి మనిషి కావాలని వెతికితే ఈ మెయిల్ చదివి ట దగ్గరికి రారు. నా అలవాటు ఏమిటంటే అలాంటి విశేషణాలన్నీ, పొగడ్తవి సైతం, ఒకసారి కొట్టేస్తాను. కొట్టేశాక వాక్యంలో ఏదీ మిగలకపోతే, మొదటి నుంచీ అందులో ఏదీ లేదన్నమాట.

మూడోది "మిగతా సభ్యులందరికీ కూడా". "మిగతా", "కూడా" రెండూ ఒకే వాక్యంలో ఉంటే ఆ ఆరుగురూ దాన్ని మెచ్చుకోలుగా చదవరు. తామెవరో మీకు గుర్తు రాలేదని చదువుతారు.

లెక్కలమాస్టర్ గారి అక్షర క్రమం బాగుంది, తీసుకోండి. ఒకే పొడుగు అన్నదానితో మాత్రం నేను ఒప్పుకోను. ఏడు నెలల పనికీ రెండు వారాల పనికీ ఒకే పొడుగు వాక్యం ఇస్తే అదీ ఒక అబద్ధమే, ఎక్కువ చేసినవాళ్ళకు అది వెంటనే తెలిసిపోతుంది.

మూడో_అంతస్తు
మేనేజర్లందరూ ఇంతే. నాకు పోయిన సంవత్సరం రేటింగ్‌లో అన్యాయం జరిగింది. చేసిన పనంతా రాసిచ్చినా "టీమ్ వర్క్" అని మధ్య రేటింగ్ ఇచ్చారు. ముందు ఇంక్రిమెంట్ సరిగ్గా ఇవ్వండి, తర్వాత మెయిల్స్ రాద్దురు.

వానచినుకు
మూడో_అంతస్తు గారూ, రేటింగ్ వేరే సమయంలో, వేరే కాగితం మీద జరుగుతుంది, ఇది మెయిల్ గురించి. మీకు జరిగింది మాత్రం బాధాకరమే.

తెరవెనుక గారూ, క్రియల సంగతి చదివి నా డ్రాఫ్ట్ మళ్ళీ చూస్తే సిగ్గేసింది. నన్ను బాధపెట్టిన మెయిల్‌లో నా గురించి ఉన్న మాట కూడా "సహకరించారు" అనే. అయితే ఒక చిక్కు. క నిజంగానే అందరికంటే ఎక్కువ చేశాడు. సమానంగా చూపించాలని అతని పని తగ్గించి రాయడం అన్యాయం కాదా?

కోడ్_కాపరి
ఎవరు ఎంత చేశారో ఊహించడం దేనికి, కోడ్ మార్పులన్నీ నమోదయ్యే రిపాజిటరీనే అడగండి.

```
git shortlog -sn --no-merges --since="7 months ago"
```

ఎవరివి ఎన్ని కమిట్లో, అంటే నమోదు చేసిన మార్పులో, వరసగా వస్తాయి. గొడవే లేదు.

పాతకాపు
కోడ్_కాపరి, అదే చేసి నేను దెబ్బతిన్నాను. మా టీమ్‌లో బ్రాంచ్ కలిపేటప్పుడు అన్ని కమిట్లనూ ఒకటిగా నొక్కేసేవాళ్ళం. అప్పుడు ఆ ఒక్క కమిట్, కలపమని రిక్వెస్ట్ తెరిచిన మనిషి పేరు మీదే పడుతుంది. ముగ్గురు కలిసి రాసింది ఒకరి లెక్కలోకి పోయింది. మిగతా ఇద్దరి పేర్లు కమిట్ సందేశం అడుగున Co-authored-by అనే వరసలో ఉంటాయి, మామూలు లెక్క వాటిని చూడదు. అవి కావాలంటే ఇలా అడగాలి.

```
git shortlog -sn --group=author --group=trailer:co-authored-by
```

ఇది కూడా కోడ్ రాసినవాళ్ళనే చూపిస్తుంది. రివ్యూ చేసినవాళ్ళు, టెస్ట్ చేసినవాళ్ళు, మరో విభాగంతో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడినవాళ్ళు ఇందులో ఉండరు. ఇంకొకటి, ఒకరు చిన్న చిన్నగా రోజుకు పది కమిట్లు పెడతారు, ఒకరు వారానికి ఒకటి. మేం ఆ లెక్క చూసి మెయిల్‌లో మొదటి పేరు రాసిన మనిషి చేసిన పనిలో సగం ఫార్మాటింగ్ దిద్దుళ్ళు. టీమ్ అంతటికీ ఆ సంగతి తెలుసు, మెయిల్ రాసినాయనకు తప్ప.

కోడ్_కాపరి
ఆ రెండో కమాండ్ నాకు తెలియదు. సరే, సంఖ్య పక్కన పెడదాం. కానీ ఎవరు ఏ ఫైలు మొదలుపెట్టారు అన్న చరిత్ర అయితే పనికొస్తుందిగా?

పాతకాపు
దానికి బాగా పనికొస్తుంది. "ఎంత" అని అడిగితే తప్పుదోవ పట్టిస్తుంది, "ఎవరు, ఎప్పుడు, ఏది" అని అడిగితే నిజం చెబుతుంది.

తెరవెనుక
వానచినుకు గారి ప్రశ్నకు వస్తాను. క పని తగ్గించనక్కర్లేదు. అతని పని ఎంత ఉందో అంతా రాయండి, పక్కవాళ్ళ పని కూడా అంతే కచ్చితంగా రాయండి. ఇద్దరిదీ కచ్చితంగా ఉన్నప్పుడు ఎవరిది పెద్దదో చదివేవాళ్ళకే తెలుస్తుంది, "ప్రత్యేక ధన్యవాదాలు" అని మీరు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

కానీ కచ్చితంగా రాయాలంటే మీకు ముందు తెలియాలి. మేనేజర్‌కి తన మీటింగుల్లో వినిపించిన పనే తెలుస్తుంది. నేనైతే రాసేముందు ఒక్కొక్కరినీ విడిగా మూడు ప్రశ్నలు అడగమంటాను. మీరు చేసిన పనుల్లో ఏది లేకపోతే ప్రాజెక్ట్ ఆగేది? ఎవరి పని లేకపోతే మీ పని ఆగేది? మెయిల్‌లో మీ గురించి రాయకూడనిది ఏమైనా ఉందా?

అసలు సమాచారం వచ్చేది రెండో ప్రశ్నకే. మొదటిది మాత్రమే అడిగి ఆ జవాబులు కలిపితే నూటికి నూరు దాటిపోతాయి. మైకేల్ రాస్, ఫియోరే సికోలీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. ఎక్కువ జంటల్లో ఇద్దరి వాటాలూ కలిపితే మొత్తాన్ని మించిపోయాయి. నాకు ముఖ్యంగా అనిపించింది ఇంకొకటి, గొడవలు మొదలుపెట్టడం లాంటి చెడ్డ విషయాల్లో కూడా తమ వాటా ఎక్కువే చెప్పుకున్నారు. అంటే గొప్ప కోసం చెప్పింది కాదు. ఎవరి పని వాళ్ళకు బాగా గుర్తుంటుంది, పక్కవాళ్ళ పని అంత గుర్తుండదు. మీ టీమ్‌లోనూ ఎవరూ అబద్ధం చెప్పరు, అయినా లెక్క కుదరదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని అడగండి.

గాలిపటం
తొమ్మిది మందిని అడిగితే మూడు వందల శాతం పని వస్తుందన్నమాట. అలాగైతే 29 గంటలు ఎందుకు పట్టాయో. :)

లెక్కలమాస్టర్
ఒకే పొడుగు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తెరవెనుక గారు చెప్పింది మా రంగంలోనూ చూశాను. పరిశోధన పత్రాల్లో ఇదే తగువు, మొదటి పేరు ఎవరిది అని. ఇప్పుడు చాలా పత్రికలు క్రెడిట్ అనే జాబితా వాడుతున్నాయి, అందులో 14 పాత్రలు ఉంటాయి. ఆలోచన ఎవరిది, సాఫ్ట్‌వేర్ ఎవరిది, డేటాను శుభ్రం చేసి సర్దింది ఎవరు, ఫలితాన్ని సరిచూసింది ఎవరు, పర్యవేక్షణ ఎవరిది, ఇలా విడివిడిగా రాస్తారు. డేటా సర్దడం సాఫ్ట్‌వేర్ రాయడం పక్కనే ఒక సొంత పాత్రగా నిలబడటం నాకు నచ్చింది. మీ ట సంగతి చదివితే అదే గుర్తొచ్చింది. 14 పాత్రలూ మెయిల్‌లో పెట్టమని కాదు, ఏ రకం పని మర్చిపోయామో చూసుకోవడానికి దగ్గర పెట్టుకోండి.

నిశ్శబ్దం_9
మూడో ప్రశ్నను ఎవరూ వదిలేయకండి. ఒకసారి మెయిల్‌లో నా పేరు మొదటి వరసలో వచ్చింది. ఆ రోజంతా అందరూ వచ్చి అభినందించారు. నాకు అది భయంకరమైన రోజు. ముందే అడిగి ఉంటే పని గురించి రాయండి, నా గురించి వద్దు అనేదాన్ని. దాచిపెట్టమని కాదు, "చెల్లింపుల తనిఖీ రాసినది ఫలానా" అంటే చాలు. పొగడ్త ఒక్కటే వద్దు.

వానచినుకు
రెండు రోజులు పట్టింది, తొమ్మిది మందినీ అడిగాను. ఏం తేలిందో చెబుతాను.

రెండో ప్రశ్నకు తొమ్మిదిలో ఆరుగురు చెప్పిన పేరు ట. నేను "చిరునవ్వుతో సహాయం" అని రాసింది ఆమె గురించే! జరిగింది ఇది. పాత సిస్టమ్‌లో ఒకే కస్టమర్ రెండు మూడు పేర్లతో ఉన్నాడు, బాకీలు కలవలేదు. అలాంటి ఖాతాలు 4,300. స్క్రిప్ట్‌తో తేలినవి సగమే. మిగతావి ట మూడు వారాలు కూర్చుని, అకౌంట్స్ విభాగంతో ఒక్కొక్కటీ సరిచూసి, ఏది అసలుదో తేల్చింది. ఆ పని కాకపోతే మార్పు రోజున బిల్లులు తప్పు మొత్తాలతో వెళ్ళేవి. నాకు ఇది తెలియదు, ఎందుకంటే ఏ వారం మీటింగ్‌లోనూ అది సమస్యగా రాలేదు. ఆమె రానివ్వలేదు.

రెండోది చిక్కు. ఏదైనా తేడా వస్తే పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్ళే స్క్రిప్ట్ ఒకటుంది. అది నేను రాశానని క అన్నాడు. నేను రాశానని చ అంది. ఇద్దరూ మనస్ఫూర్తిగానే అన్నారు. ఇప్పుడు ఒకరిని అబద్ధాలకోరును చేయకుండా ఎలా రాయాలి?

పాతకాపు
ఆ ఫైలు చరిత్ర తెరవండి. ఇలాంటి చోట నేను ఎక్కువగా చూసింది, ఇద్దరూ చెప్పింది నిజమే.

వానచినుకు
మీరన్నట్టే ఉంది. నాలుగో నెలలో చ మొదలుపెట్టింది, ఏ వరసలో వెనక్కి తిప్పాలన్న ఆలోచన అంతా ఆమెదే. మొదటి రిహార్సల్‌లో అది 11 గంటలు పట్టింది. ఆరో నెలలో క చాలా భాగం తిరగరాసి 3 గంటలకు దించాడు. ఇప్పుడు ఉన్న కోడ్ వరసల్లో ఎక్కువ అతని పేరు మీదే ఉన్నాయి, అందుకే అతనికి తనదే అనిపించింది.

తెరవెనుక
ఇది చాలా మంచి ఉదాహరణ. దీన్ని కాలక్రమంలో రాసేయండి. "వెనక్కి వెళ్ళే స్క్రిప్ట్‌ను చ రూపొందించి రాసింది, అది 11 గంటలు పట్టేది, క దాన్ని తిరగరాసి 3 గంటలకు తగ్గించాడు." ఇందులో ఎవరి వాటా ఎంత అన్న తీర్పు లేదు. ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఏం మారింది, అంతే. "క, చ కలిసి రాశారు" అని సర్దేయకండి. అలా రాస్తే పెద్ద పేరున్న మనిషికే అంతా పోతుంది, మీ కంపెనీలో క అందరికీ తెలిసినవాడైతే చ అందులో మునిగిపోతుంది.

పంపేముందు ఈ వాక్యాన్ని ఇద్దరికీ ఒకేసారి, ఒకే మెయిల్‌లో చూపించండి. విడివిడిగా చూపిస్తే మీరు మధ్యవర్తి అయిపోతారు.

ఒప్పంద_ఉద్యోగి
నేను వేరే సంస్థ తరఫున కాంట్రాక్ట్‌లో పనిచేసే టెస్టర్‌ని. నాలుగు ప్రాజెక్టులు చేశాను, నాలుగు అభినందన మెయిల్స్ చదివాను, ఒక్కదానిలోనూ నా పేరు లేదు. ఒకసారి అడిగితే "నువ్వు టీమ్ కాదు కదా" అన్నారు. రాత్రి మూడింటికి లోపం పట్టుకున్నప్పుడు మాత్రం టీమే. వానచినుకు గారూ, మీ తొమ్మిది మందిలో కాంట్రాక్ట్ వాళ్ళు ఉన్నారా, లేక వాళ్ళను లెక్కపెట్టకుండానే తొమ్మిదా?

వానచినుకు
లెక్కపెట్టలేదు. చెప్పడానికి కష్టంగా ఉంది. టెస్టింగ్ చేసిన త కాంట్రాక్ట్ మనిషి, అతనితో పది మంది అవుతారు. ఇంకొకరు య, ఐదో నెలలో కంపెనీ వదిలి వెళ్ళారు. పాత సిస్టమ్‌లో ఏ గడిలో ఉన్నది కొత్తదానిలో ఎక్కడికి వెళ్ళాలో మొత్తం పట్టిక ఆమె చేసిందే. ఇద్దరినీ రాయాలా?

తెరవెనుక
య ని రాయండి, "మే నెల వరకు టీమ్‌లో ఉన్న" లాంటి ఒక మాటతో. వెళ్ళిపోయినవాళ్ళను తీసేస్తే ఆ పట్టిక ఆకాశం నుంచి ఊడిపడినట్టు అవుతుంది, పైగా ఇప్పుడున్నవాళ్ళలో ఒకరికి తెలియకుండానే ఆ పేరు వచ్చేస్తుంది.

త విషయంలో ముందు హెచ్‌ఆర్‌ని అడగండి. కొన్ని కంపెనీల్లో కాంట్రాక్ట్ వాళ్ళను ఉద్యోగులతో కలిపి ప్రస్తావించడంపై చట్టపరమైన జాగ్రత్తలు ఉంటాయి. పేరు కుదరకపోతే పని రాసి, చేసింది ఆ సంస్థ నుంచి వచ్చిన టెస్టర్ అనవచ్చు.

ఒప్పంద_ఉద్యోగి
పేరు లేని పని నాకు రేపు ఎక్కడా చూపించుకోవడానికి పనికిరాదు. తెరవెనుక గారి జాగ్రత్త అర్థమైంది కానీ నేను ఒప్పుకోలేను. ఆ నిబంధన ఎక్కడ రాసుందో చూపించమని నేనోసారి అడిగాను, ఎవరూ చూపించలేదు.

తెరవెనుక
అలా అడగడం సరైనదే. చాలాచోట్ల అది అలవాటే తప్ప నిబంధన కాదు. వానచినుకు గారూ, "పేరు పెట్టొచ్చా" అని అడగకండి, "పేరు పెడుతున్నాను, అడ్డు వచ్చే నిబంధన ఏదైనా ఉంటే బుధవారం లోపు చెప్పండి" అని అడగండి.

మూడో_అంతస్తు
మొదట కోపంలో వేరేది రాశాను, ఇప్పుడు మొత్తం చదివాను. నాదొక ప్రశ్న. తొమ్మిది మందిలో పెద్దగా ఏమీ చేయనివాళ్ళు ఒకరైనా ఉంటారుగా? వాళ్ళకూ ఒక వాక్యం ఇస్తారా? ఇస్తే మాలాంటి వాళ్ళకు ఒళ్ళు మండుతుంది.

లెక్కలమాస్టర్
ఇవ్వకూడదు. పేరు జాబితాలో ఉండనివ్వండి, వాక్యం వద్దు.

నిశ్శబ్దం_9
ఎనిమిది మందికి వాక్యం ఉండి ఒకరికి లేకపోతే అది 1,400 మంది ముందు శిక్ష వేసినట్టే. మేనేజర్ ఆ మాట గదిలో చెప్పాలి, మెయిల్‌లో కాదు. చిన్నదైనా నిజంగా చేసిన పని ఒకటి ఉంటుంది, దాన్ని అంతే చిన్నగా రాయండి.

లెక్కలమాస్టర్
ఆ చిన్న వాక్యాన్ని పట్టుకుని వచ్చే ఏడాది రేటింగ్‌లో చూపిస్తారు, మా దగ్గర జరిగింది. నా మాట నాదే.

వానచినుకు
మా ప రెండు నెలల క్రితమే చేరాడు, తక్కువ చేశాడు, కానీ అది అతని తప్పు కాదు. మార్పు రాత్రి తనిఖీ జాబితాలో ఒక్కో అంశాన్నీ చదివి టిక్ పెట్టినది అతనే. అదే రాస్తాను.

కొత్త డ్రాఫ్ట్ పెడుతున్నా. నిర్దాక్షిణ్యంగా చూడండి.

"విషయం: సోమవారం నుంచి బిల్లులన్నీ కొత్త సిస్టమ్‌లో, ఆ పని చేసినవాళ్ళు

శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం తెల్లవారుజామున 2 వరకు, 29 గంటల్లో మన బిల్లింగ్ కొత్త సిస్టమ్‌కి మారింది. కస్టమర్ బిల్లు మీద ప్రశ్న వస్తే ఇకపై మీరు రెండు తెరలు చూడనక్కర్లేదు.

క డేటా తరలింపు మొత్తాన్ని రూపొందించి, మూడు రిహార్సల్స్ నడిపించాడు. పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్ళే స్క్రిప్ట్‌ను చ రూపొందించి రాసింది, 11 గంటలు పట్టే దాన్ని క తిరగరాసి 3 గంటలకు తగ్గించాడు. కలవని 4,300 ఖాతాల్లో స్క్రిప్ట్‌తో తేలని వాటిని ట మూడు వారాలు అకౌంట్స్‌తో సరిచూసి తేల్చింది, సోమవారం బిల్లులు సరైన మొత్తాలతో వెళ్ళడానికి కారణం ఆ పని. ఏ సమాచారం ఎక్కడికి వెళ్ళాలన్న పట్టిక మే నెల వరకు మనతో ఉన్న య చేసింది. త టెస్టింగ్‌లో పట్టుకున్న లోపాల్లో ఒకటి పన్ను రెండుసార్లు పడటం. మార్పు రాత్రి తనిఖీ జాబితాను ప నడిపించాడు..."

ఇలా పదకొండు మందీ ఉన్నారు.

గాలిపటం
పేర్లు వద్దన్న మనిషిని నేనే, కానీ ఇది చదివాక ట ఎవరో కలవాలనిపించింది.

తెరవెనుక
మొదటి రెండు వాక్యాలు చదివేవాళ్ళకు ఏం మారిందో చెప్పాయి, అది బాగుంది. 1,400 మందిలో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు, ఆగిపోయినా నష్టం లేదు.

రెండు దిద్దుబాట్లు. ఇప్పుడు పేర్ల వరస ప్రాజెక్ట్ జరిగిన క్రమంలో లేదు, మీకు తోచిన ప్రాముఖ్యంలో ఉంది. య పట్టికతో మొదలుపెట్టి పని జరిగిన వరసలో చెప్పండి. అక్షర క్రమం కంటే ఇదే చదవడానికి బాగుంటుంది, ఎందుకు ముందు అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది. తర్వాత, ఒక్కొక్కరికీ పేరు ఎలా రాయాలో వాళ్ళనే అడగండి. అక్షరం తప్పుగా రాసిన పేరు, ఆ మనిషి తప్ప అందరూ మర్చిపోతారు.

పంపేటప్పుడు కంపెనీ మొత్తం జాబితాను Bcc లో పెట్టండి. అప్పుడు ఎవరైనా అందరికీ జవాబు నొక్కినా 1,400 మందికి వెళ్ళదు. మీ To లో, కంపెనీ వదిలి వెళ్ళిన య కాక మిగతా పది మంది పేర్లు ఉంచండి, అభినందనలు నేరుగా వాళ్ళకే చేరతాయి.

నిశ్శబ్దం_9
పది మంది కాకపోతే తొమ్మిది. ఎవరైనా అభినందనల వెల్లువ వద్దంటే వాళ్ళను To నుంచి తీసేయండి.

పాతకాపు
టీమ్ బయట ఎవరైనా ఉన్నారా? మా దగ్గర ప్రతిసారీ తప్పిపోయేది వాళ్ళే. సపోర్ట్ వాళ్ళు, అనుమతులు ఇచ్చిన నెట్‌వర్క్ వాళ్ళు.

వానచినుకు
మెయిల్ గురువారం ఉదయం వెళ్ళింది. య వరస మార్చాను, త పేరు పెట్టాను. హెచ్‌ఆర్ నుంచి బుధవారం లోపు ఏ నిబంధనా రాలేదు. క, చ ఇద్దరికీ ఆ వాక్యం ఒకేసారి చూపిస్తే, క తనే "రిహార్సల్ గడియారం చూసింది చ, అది లేకపోతే ఎక్కడ ఆలస్యమో నాకు తెలిసేది కాదు" అన్నాడు. ఆ మాట కూడా చేర్చాను. నిశ్శబ్దం గారు చెప్పినట్టు ఒకరు To లో వద్దన్నారు, తీసేశాను.

పాతకాపు గారి ప్రశ్న నేను పంపాక చూశాను. సపోర్ట్‌లో ఒకామె మార్పు రోజుల్లో కస్టమర్లకు చెప్పాల్సిన జవాబులన్నీ ముందే రాసి పెట్టింది. ఆమె మెయిల్‌లో లేదు. మధ్యాహ్నానికే ట వచ్చి చెప్పింది.

తెరవెనుక
ఈ రోజే మరో మెయిల్ పంపండి, అదే జాబితాకు, అదే విషయం వరసతో. మీ పొరపాటు గురించి ఒక్క వాక్యమే ఉండాలి, మిగతాదంతా ఆమె చేసిన పని గురించి ఉండాలి. "క్షమించండి, ఒకరిని మర్చిపోయాను" అని మొదలుపెడితే అందరికీ మీ బాధే గుర్తుంటుంది, ఆమె పని కాదు.

వానచినుకు
పంపాను. "మార్పు జరిగిన మూడు రోజుల్లో కస్టమర్ల ప్రశ్నలకు సపోర్ట్ విభాగం చదివిన జవాబులు రాసింది..." అని ఆమె పేరుతో మొదలుపెట్టాను, మొదటి మెయిల్‌లో ఇది ఉండాల్సింది అని చివర్లో ఒక వాక్యం.

ఒప్పంద_ఉద్యోగి
త ఏమన్నాడు?

వానచినుకు
ఆ మెయిల్‌ను తన సంస్థ మేనేజర్‌కి పంపించుకోవచ్చా అని అడిగాడు. కంపెనీ లోపలి మెయిల్ కాబట్టి మొత్తం బయటికి పంపకూడదు. అతని వాక్యం ఒక్కటి విడిగా, నా సంతకంతో వాళ్ళకు రాసి పంపాను.

మూడో_అంతస్తు
తెరవెనుక గారూ, ఆ మూడు ప్రశ్నలు మా మేనేజర్‌కి నేను పంపితే తప్పుగా అనుకుంటారా?

లెక్కలమాస్టర్
రెండో ప్రశ్న ఒక్కటే పంపండి. మీ జవాబు ముందు రాసి మరీ పంపండి.